లాభం ముందు చెప్పు, మేరీ

బెంగాలీల నడుమ, మెటియాబ్రుజ్‌లో కార్పొరేషన్ క్వార్టర్ల సందు పొడవునా తెలుగు వినిపిస్తుంది. కొళాయి దగ్గర తిట్టుకునేది తెలుగులో, పిల్లల్ని కేకేసేది తెలుగులో, చచ్చినవాళ్ళ కోసం ఏడ్చేదీ తెలుగులోనే. తెలుగు అక్షరం కంటబడితే మాత్రం సందు సందంతా మేరీరాణి గుమ్మం ముందుకు రావలసిందే. ఊరినుంచి శుభలేఖ వచ్చినా, ఏ చుట్టమో పొలం కాగితం ఫోటో తీసి పంపినా, "కాస్త సదివెట్టమ్మా" అని ఫోను ఆమె చేతిలో పెడతారు.

ఈ విద్య ఆమెకు బడిలో అబ్బలేదు. బడి హిందీలో, వీధి బెంగాలీలో. తెలుగు చదవడం నేర్పింది చర్చిలో పాస్టరుగారి భార్య జ్ఞానప్రసూన. ఆవిడ ఆదివారం మధ్యాహ్నాలు పిల్లల్ని కూచోబెట్టి బైబిలు వాక్యాలు పలకమీద రాయించేది. మిగతా పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. మేరీ ఒక్కతే మిగిలింది. ఆ మిగలడమే తర్వాత ఆమెకు ఉద్యోగమై కూచుంది.

ఆ కంపెనీ పేరు మనకెందుకు లెండి. కంప్యూటరు ఆఫీసులన్నీ ఉన్న సెక్టర్ ఫైవ్‌లో అద్దాల మేడలో ఉంటుంది. మెటియాబ్రుజ్‌లో కుట్టే పిల్లల బట్టల్ని ఊళ్ళలో ఉన్న బట్టల షాపులవాళ్ళు ఫోనులోంచే ఆర్డరు పెట్టుకునే యాప్ నడుపుతుంది. ఆంధ్రాలో ఆ యాప్ వాడే షాపులవాళ్ళు చాలామంది. వాళ్ళకు వాట్సాప్‌లో పంపే మెసేజీలు తెలుగులో రాయడం, వాళ్ళు ఫోను చేస్తే తెలుగులో జవాబు చెప్పడం మేరీ పని. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా మెడలో కంపెనీ కార్డు వేసుకుని ధర్మతలలో బస్సు మారుతుంటే ఆమె నడకే వేరుగా ఉండేది. ఉండదా మరి? తండ్రి వెంకటేశు బతికినన్నాళ్ళూ కార్పొరేషన్ చెత్తబండి తోసినవాడు.

తండ్రి పోయాక క్వార్టరు ఖాళీ చేసి, తల్లీకూతుళ్ళు అదే సందు చివర అద్దెగదిలోకి మారారు. మేరీ ఉద్యోగంలో చేరేదాకా ఆ గదిని నిలబెట్టింది తల్లి గురవమ్మ. నాలుగిళ్ళ అవతల నసీర్ మొల్లా కుట్టు కార్ఖానా ఉంది. అక్కడ మిషన్ల మీద గౌన్లు కుడతారు. హుక్కులు వేయడం, గుండీలు కుట్టడం, వేలాడే దారాలు కత్తిరించడం చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇళ్ళకు తెచ్చుకుని చేస్తారు. పొద్దున్నే వెళ్ళి గౌన్ల మూట తెచ్చుకోవడం, గుమ్మంలో కూచుని వచ్చేపోయేవాళ్ళతో ఊసులాడుతూ హుక్కులు వేయడం గురవమ్మకు కూడు పెట్టిన పని. అంతకు మించి, మొగుడు పోయిన మనిషిని మంచం పట్టకుండా లేపి కూచోబెట్టిన పని. "నువ్వింక మానెయ్యమ్మా, నేను తెస్తున్నా కదా" అని మేరీ ఒకసారి అన్నందుకు తల్లి రోజంతా మాట్లాడలేదు.

అన్నీ బాగున్న ఆ రోజుల్లో, దసరా సీజను ఇంకా అందుకోకముందే, ఆఫీసులో కొత్త ఫీచర్ వచ్చింది.

ఫీచర్ చూసుకునే ఆవిడ సమీర. హైదరాబాదు పిల్ల, మేరీకన్నా చిన్నది, తెలివైనది. చెడ్డది మాత్రం కాదు, ఈ మాట ముందే చెప్పెయ్యాలి. చెడ్డవాళ్ళ వల్ల జరిగిన కథ అయితే తిట్టిపోసి చేతులు దులుపుకునేవాళ్ళం.

సంగతి ఇదీ. ఇదివరకు షాపువాడు ఒకసారి ఆర్డరు పెట్టాడంటే అంతే. సైజు మార్చాలన్నా రంగు మార్చాలన్నా ఫోను చేసి బతిమాలుకోవాలి. ఇకమీదట ఆ గొడవ లేదు. కార్ఖానాలో కుట్టు మొదలయ్యేదాకా షాపువాడు యాప్‌లో తనే మార్చుకోవచ్చు, తగ్గించుకోనూవచ్చు. దీన్ని షాపులవాళ్ళకు తెలియజెయ్యాలి.

మేరీ మొదట రాసింది ఇలా ఉంది: "గౌరవనీయులైన వ్యాపారస్తులకు నమస్కారం. మా యాప్‌లో ఆర్డర్ సవరణ అనే సరికొత్త సదుపాయాన్ని ప్రవేశపెట్టామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం." జ్ఞానప్రసూనమ్మగారు వింటే మురిసిపోయేదే.

సమీర చదివి నవ్వింది. "ఏంది మేరీ, పెళ్ళిపిలుపు లెక్క రాసినవ్? మనం సంతోషిస్తే వాళ్ళకేంది? ఫీచర్ పేరు ఎవరికి కావాలె? పొద్దున షట్టర్ లేపుకుంట ఫోన్ చూస్తడు షాపాయన. మొదటి లైన్లనే ఆయనకేం లాభమో కనబడాలె. లాభం ముందు చెప్పు, మేరీ. తర్వాత ఎట్ల చెయ్యాల్నో మూడు స్టెప్పులు. ఒక్కో స్టెప్పులో ఒక్కటే పని. అంతే."

మేరీ బల్ల దగ్గరకొచ్చి కూచుంది. షాపువాడికేం లాభం? ఆమె రోజూ ఫోనులో వినే గోడు గుర్తొచ్చింది. శ్రీకాకుళంలో పిల్లల బట్టల షాపు జయప్రకాశ్ ఎప్పుడు ఫోను చేసినా ఒకటే పాట. చిన్న సైజులు పోయాయమ్మా, పెద్ద సైజులు గుట్టగా పడున్నాయమ్మా, పసుపురంగు ఎవరూ ముట్టుకోవడం లేదమ్మా. ఆ గుట్ట ఆమె కళ్ళముందు మెదిలింది. చెయ్యి దానంతటదే రాసింది.

"అమ్ముడుపోని సైజులు ఇక మీ షాపులో మిగలవు.

ఆర్డరు పెట్టాక కూడా సైజు, రంగు, సంఖ్య మీరే మార్చుకోవచ్చు. ఎవరికీ ఫోను చెయ్యక్కర్లేదు.

ఒకటి: యాప్‌లో 'నా ఆర్డర్లు' తెరవండి.

రెండు: మార్చాలనుకున్న ఆర్డరు మీద 'మార్చు' నొక్కండి.

మూడు: కొత్త సైజు, రంగు ఎంచుకుని 'సరే' నొక్కండి. మారినట్టు వెంటనే మెసేజ్ వస్తుంది.

కుట్టు మొదలయ్యేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇప్పుడే ఒక ఆర్డరు తెరిచి చూడండి."

రాసి చూసుకుంటే తనకే ముచ్చటేసింది. ఒక్క మాట ఎక్కువ లేదు. సమీర చదివి కుర్చీలోంచి లేచింది. "మొదటి లైన్ చూసినవా? ఇంగ్లీష్‌ల రాసేటోళ్ళు కూడ ఇది చూసి నేర్చుకోవాలె," అంటూ పక్కబల్లలవాళ్ళకు అర్థం చెప్పి వినిపించింది.

ఆ పొగడ్త చెవిలో మోగుతుండగానే మేరీకి చివర్లో ఒక వాక్యం దగ్గర చిన్న ముల్లు గుచ్చుకుంది. కుట్టు మొదలయ్యేదాకా. కుట్టు మొదలైందని యాప్‌కు ఎలా తెలుస్తుంది? కార్ఖానావాడు తన ఫోనులో 'కుట్టు మొదలైంది' అని నొక్కితే తెలుస్తుంది. వాళ్ళ సందులో ఈ యాప్ ఆర్డర్లు కుట్టే నసీర్ చాచా ఎప్పుడు నొక్కుతాడు? శుక్రవారం నొక్కుతాడు. వారమంతా మిషన్ల రొదలో ఫోనెక్కడుందో కూడా ఆయనకు తెలీదు. శుక్రవారం నమాజుకు మిషన్లు ఆపి, వచ్చాక చాయ్ తాగుతూ, వారంలో పూర్తయిన ఆర్డర్లన్నిటికీ కోత అయిందీ, కుట్టు మొదలైందీ, కుట్టు అయిందీ అని వరసగా నొక్కుకుపోతాడు. సందులో కార్ఖానాలన్నీ అంతే. ఈ పద్ధతి నేర్పింది ఇంకెవరో కాదు, మేరీయే. యాప్ కొత్తలో ఆయన చిరాకుపడుతుంటే, "ఊరికే చూపించడానికే చాచా ఇది. వారానికోసారి అన్నీ కలిపి నొక్కెయ్యండి, ఏం కాదు" అని చెప్పింది. అప్పట్లో నిజంగానే ఏమీ కాలేదు. ఆ బటను మీద ఏదీ ఆధారపడి లేదు.

ఇప్పుడు ఆధారపడింది.

"మేడమ్," అంది మేరీ, "కార్ఖానాలవాళ్ళకు కూడా చెప్పామా?"

"వాళ్ళకు తర్వాత చెప్తం. ఇది కస్టమర్ మెసేజ్ కద? వాళ్ళ యాప్‌ల కూడ చిన్న నోటీస్ పెడ్తరు టెక్ వాళ్ళు. ఎందుకు?"

శుక్రవారం సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఫీచర్ ఆగుతుంది. ఫీచర్ ఆగితే ఆ మొదటి లైనూ ఆగుతుంది. పక్కబల్లవాళ్ళు ఇంకా ఆమె వైపే చూసి నవ్వుతున్నారు. చెత్తబండి వెంకటేశు కూతురిని అద్దాల మేడలో ఆ చూపు ఎవరూ అదివరకు చూడలేదు. "ఏం లేదు మేడమ్, ఊరికే అడిగా," అంది. మనిషి బతుకులో ఇలాంటి ఊరికేలు ఉంటాయి.

మెసేజ్ ముందు కొద్దిమందికి వెళ్ళింది. వాళ్ళు వెంటనే తెరిచారు, నొక్కారు, మార్చారు. మర్నాడు అందరికీ వెళ్ళింది. జయప్రకాశ్ గొంతు రికార్డు చేసి పంపాడు. "అమ్మా, నెత్తిన పాలు పోశారమ్మా! ఇన్నాళ్ళకు మా బాధ తెలిసినవాళ్ళు ఒకరున్నారు. మూడంటే మూడు నొక్కుళ్ళలో అయిపోయింది. మా ఆవిడ కూడా చేసేసింది!" సమీర దాన్ని మీటింగులో అందరికీ వినిపించింది. భాష రానివాళ్ళు కూడా ఆ గొంతులో సంబరం విని చప్పట్లు కొట్టారు. మేరీ ఆ రోజు ఇంటికి మిష్టి దొయి, ఆ ఊరి తియ్యపెరుగు, తీసుకెళ్ళింది. గురవమ్మ హుక్కులు పక్కన పెట్టి, ఎందుకో ఏమిటో అడక్కుండానే గిన్నె ఖాళీ చేసింది.

దసరా దగ్గరపడింది. షాపులవాళ్ళకు మనసు నిలవని కాలం ఇది. పొద్దున పసుపు గౌన్లు పోతాయనిపిస్తుంది, సాయంత్రం గులాబీ అనిపిస్తుంది. ఇదివరకు మనసులోనే మార్చుకునేవాళ్ళు, ఇప్పుడు ఫోనులో మార్చుకుంటున్నారు. యాప్ ఒప్పుకుంటోంది. కార్ఖానావాడు ఏదీ నొక్కలేదు కనుక, యాప్ లెక్కలో గుడ్డ ఇంకా తానుగానే ఉంది. నిజానికి దాన్ని పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోసేశారు, కుట్టేశారు, గురవమ్మలాంటివాళ్ళ ఒళ్ళోకి హుక్కుల కోసం వచ్చేసింది కూడా. కొత్త సైజులకు మళ్ళీ కొత్త గుడ్డ కొయ్యాలి. పాతవి కంపెనీ తీసుకోదు, ఎందుకు తీసుకుంటుంది, అవి ఎవరి ఆర్డరూ కావు. మెసేజ్ మొదటి లైను అక్షరాలా నిజమైంది. అమ్ముడుపోని సైజులు షాపులో మిగలడం లేదు. నసీర్ చాచా అటకమీద మిగులుతున్నాయి.

ఇదంతా మేరీకి తెలుస్తూనే ఉంది. సాయంత్రం వచ్చేసరికి తల్లి సణుగుతుండేది. "ఏటోనే, నిన్న హుక్కులేసిన గౌన్లు ఆర్డరు మారిపోనాదని నసీరు అటకెక్కించీసినాడు. డబ్బులిచ్చీసినాడులే పాపం. మరి ఆ గౌన్లేటి సేసుకుంటాడో!" మేరీ అన్నం కలుపుకుంటూ విననట్టు ఊరుకునేది. రేపు సమీర మేడమ్‌తో చెప్పాలనుకునేది. రేపు ఆఫీసులో ఇంకో మెసేజ్ రాయాల్సి వచ్చేది.

ఆ శుక్రవారం మిషన్లు ఆగిన వేళ నసీర్ చాచా తనే వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. మేరీకి ఆ రోజు సెలవు. ఆయన కూచోలేదు. తెల్లగడ్డం మనిషి, చేతిలో ఫోను, మొహంలో నిద్ర లేదు.

"బేటీ," అన్నాడు, ఆయన మాట సగం బెంగాలీ, సగం హిందీ. "ఆర్డర్లు ఎందుకు మారుతున్నాయని ఆంధ్రా సేట్‌ని అడిగా. ఆయన ఇది పంపాడు. మీ భాషలో ఉంది. కాస్త చదివి చెప్పు, ఇందులో ఏముందో."

ఫోను ఆమె చేతిలో పెట్టాడు. చూడకుండానే ఆమెకు తెలుసు.

గురవమ్మ హుక్కుల డబ్బా పక్కకు జరిపి, "సదువే, పెద్దాయన నిలబడున్నాడు," అంది.

మేరీ చదివింది. ముందు తెలుగులో, తర్వాత ఆయన భాషలో. అమ్ముడుపోని సైజులు ఇక మీ షాపులో మిగలవు. ఎవరికీ ఫోను చెయ్యక్కర్లేదు. ఒకటి, రెండు, మూడు. ఎంత నెమ్మదిగా చదువుదామన్నా ఆ వాక్యాలు నెమ్మదించలేదు. పరుగెత్తడానికే కట్టిన వాక్యాలు. చివరిదాకా చదివి ఫోను చాచాకు తిరిగిచ్చింది.

"కుట్టు మొదలయ్యేదాకా," అని చాచా తనలో తాను అనుకున్నాడు. "మొదలయ్యే ఉంది కదా, బేటీ."

"మీరు నొక్కలేదు చాచా. నొక్కితేనే వాళ్ళకు తెలుస్తుంది."

"శుక్రవారం నొక్కమన్నావు కదా?"

ఆయన నిందించలేదు. గుర్తుచేసుకుంటున్నాడు, తనే ఏదైనా తప్పు విన్నాడేమోనని. అదే మేరీకి భరించరానిదైంది. అరిచి తిట్టినా బాగుండేది.

గురవమ్మకు ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. ఆమె ఆలోచన మెసేజ్ దగ్గరే ఆగిపోయింది. "ఎవులు రాసారో గాని సక్కగా రాసారే. నాలాటి దానికి కూడా ఇట్టే అర్థమైపోనాది," అంది. "మీ ఆఫీసోల్లే కదేటి? అందులో నీకు తెలీనోల్లెవులు?"

"నేనే రాశానమ్మా."

గురవమ్మ కూతురి మొహం చూసింది. పెదవి మీదికి వచ్చిన మురిపెం అక్కడే ఆగి, మెల్లగా చాచా వైపు తిరిగి, అక్కడ చచ్చిపోయింది. ఒళ్ళో ఉన్న గౌను మడిచి, మిగతావాటి మీద పెట్టి, మూట కట్టి చాచాకు అందించింది. ఆయన అందుకున్నాడు. రేపు రమ్మని ఎప్పుడూ అనే మాట ఆ రోజు అనలేదు.

సోమవారం మేరీ సమీర ముందు నిలబడి అంతా చెప్పేసింది. శుక్రవారం నొక్కుళ్ళు, కోసిన గుడ్డ, అటకమీద గౌన్లు, ముందే తెలిసీ చెప్పకపోవడం. సమీర మొహం నిజంగానే పాలిపోయింది. "ఇది మొదలే చెప్పాలె కద మేరీ!" అంది. చెప్పాలి. కాదన్నదెవరు? తర్వాత సమీర వేగంగా కదిలింది. పైవాళ్ళతో మాట్లాడింది. ఫీచర్ ఆపడానికి వాళ్ళు ఒప్పుకోలేదు, కస్టమర్లకు అంత నచ్చినదాన్ని సీజను మధ్యలో ఎలా ఆపుతారు? మిగిలిపోయిన బట్ట గురించి నిబంధనల్లో ఏమీ లేదు. కార్ఖానాలకు మాత్రం గట్టిగా తెలియజెయ్యమన్నారు.

"నువ్వే రాయి," అంది సమీర. "వాళ్ళ భాష నీకొచ్చు, వాళ్ళ పని నీకు తెలుసు. అదే పద్ధతి. లాభం ముందు చెప్పు."

రాయడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. బెంగాలీలోనూ హిందీలోనూ రాసింది.

"మీరు కోసిన గుడ్డ ఇక వృథా కాదు. కత్తెర పెట్టేముందు ఒక్క నొక్కు నొక్కండి, ఆ తర్వాత ఆర్డరు ఎవరూ మార్చలేరు. ఒకటి: ఆర్డరు తెరవండి. రెండు: 'కుట్టు మొదలైంది' నొక్కండి. మూడు: తాళం గుర్తు కనబడిందో లేదో చూసుకుని కొయ్యడం మొదలుపెట్టండి."

అదే సూత్రం, అదే పొడవు. షాపులవాళ్ళ మెసేజ్ కన్నా ముందు రోజు ఇది వెళ్ళి ఉంటే, అటకమీద ఒక్క గౌను కూడా ఉండేది కాదు.

మెసేజ్ అందరికీ వెళ్ళినా, చాచాకు చేత్తో చూపించాలని ఆ సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా కార్ఖానాకే వెళ్ళింది. గురవమ్మ అక్కడే ఉంది, గోడవార. పని కోసం కాదు, పని ఏమైనా ఉందేమోనని. మిషన్లకు గుడ్డలు కప్పి ఉన్నాయి. కోసే బల్లను ఇద్దరు మనుషులు తాళ్ళతో కట్టి వీధిలో బండి మీదికి ఎక్కిస్తున్నారు. గుడ్డ అరువిచ్చినవాడు పండగ దాకా ఆగనని బాకీ కింద పట్టుకుపోతున్నాడట.

మేరీ వచ్చిన పని చెప్పలేక, ఫోను చూపించింది. చాచా కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు. పెదవులు కదుపుతూ, ఒకటి, రెండు, మూడు. చదివి తల ఊపాడు.

"చాలా సులువు," అన్నాడు. నిజంగా మెచ్చుకుంటూనే అన్నాడు. "ముసలాణ్ణి, నాకే అర్థమైంది. అయితే బేటీ, సేట్‌లకు పంపిన రోజునే మాకు ఇది ఎందుకు పంపలేదు?"

సర్దిచెప్పే మాటలు మేరీకి చాలా వచ్చు. అదే ఆమె ఉద్యోగం. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"మీరు కస్టమర్లు కాదు చాచా," అంది.

ఆ మాట ఆయనకు న్యాయంగానే తోచింది కాబోలు, మళ్ళీ తల ఊపి ఫోను ఆమెకిచ్చేసి, బండివాళ్ళకు సాయం పట్టడానికి వెళ్ళాడు.

గురవమ్మ గోడవార నుంచి లేచింది. "ఏటన్నావే పెద్దాయనతో?" అని అడిగింది. మేరీ తెలుగులో చెప్పింది. గురవమ్మ విని, చీరకొంగు భుజం మీదికి లాక్కుని, కూతురి కోసం ఆగకుండా ఇంటివైపు నడిచింది.